40 పీరియడ్లు, 38 గళ్లు

పది సెక్షన్లున్న జిల్లా పరిషత్ హైస్కూలు ఒకటి అనుకుందాం. ఆరు నుంచి పది దాకా తరగతులు, ఒక్కో తరగతికి ఏ, బీ అని రెండేసి సెక్షన్లు. రోజుకు 8 పీరియడ్లు, వారానికి 6 రోజులు. అంటే ఒక్కో సెక్షన్ టైమ్‌టేబుల్లో 48 గళ్లు, బడి మొత్తానికి 480. పాఠాలు చెప్పేవాళ్లు 14 మంది. వీళ్లలో హిందీకి ఒక్కరే టీచరు. సెక్షన్‌కు వారానికి 4 హిందీ పీరియడ్లు వేసినా, పది సెక్షన్లకు కలిపి ఆమెకు 40 పీరియడ్లు పడతాయి. 48లో 40. ఇరుకే, అయినా సరిపోతుంది.

జూన్ 12న బడి తెరిచే ముందు హెడ్మాస్టారు రెండు మాటలు చెప్పారు. మొదటి పీరియడ్ పిల్లల బుర్ర చురుగ్గా ఉండే సమయం కాబట్టి దాన్ని లెక్కలకూ సైన్సుకూ ఇంగ్లిషుకూ ఉంచండి, హిందీ వేయొద్దు అన్నారు. హిందీ మేడమ్ దూరం నుంచి వచ్చిపోతారు కాబట్టి శనివారం మధ్యాహ్నం ఆమెకు పీరియడ్లు పెట్టకండి అని కూడా అన్నారు. రెండూ న్యాయమైన మాటలే. టైమ్‌టేబుల్ ఇన్‌చార్జి మాస్టారు ఆ రెంటినీ కంప్యూటర్లో ఎక్కించి బటన్ నొక్కారు. ప్రోగ్రామ్ తిరుగుతూనే ఉంది, టైమ్‌టేబుల్ మాత్రం రాలేదు. గంటసేపు చూసి, సాఫ్ట్‌వేర్ బాగాలేదని కట్టేశారు.

సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు. మొదటి పీరియడ్లు వారానికి 6, శనివారం మధ్యాహ్నం పీరియడ్లు 4. 48లోంచి ఈ 10 తీసేస్తే హిందీ మేడమ్‌కు మిగిలేవి 38 గళ్లు. పాఠాలు 40. ఏ కంప్యూటరూ, ఎంత అనుభవమున్న మాస్టారూ 38 గళ్లలో 40 పాఠాలు సర్దలేరు. ఇది తెలుసుకోవడానికి కావలసింది ఒక్క తీసివేత. టైమ్‌టేబుల్ ప్రోగ్రామ్‌తో వచ్చే తంటాల్లో చాలావరకు ఈ బాపతువే. ప్రోగ్రామ్ లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే వాటిని ముందే పట్టుకోవచ్చు.

ప్రోగ్రామ్‌కు మనం ఇచ్చేది కార్డుల కట్ట. ఒక్కో కార్డు మీద మూడే ముక్కలుంటాయి: ఏ టీచరు, ఏ సెక్షన్, ఏ సబ్జెక్టు. ‘హిందీ మేడమ్, 8బీ, హిందీ’ అనే కార్డులు నాలుగుంటాయి, ఎందుకంటే 8బీకి వారానికి నాలుగు హిందీ పీరియడ్లు. ఇలా బడి మొత్తానికి 480 కార్డులు. ప్రతి కార్డుకూ ఒక రోజు, ఒక పీరియడ్ కేటాయించడమే ప్రోగ్రామ్ పని. దాటకూడని గీతలు రెండు. ఒక టీచరు ఒకే సమయంలో రెండు సెక్షన్లలో ఉండకూడదు. ఒక సెక్షన్‌లో ఒకే సమయంలో ఇద్దరు టీచర్లు ఉండకూడదు. క్లాష్ అని మనం అనేది ఈ రెంటినే.

ఇక్కడ చాలామందికి తెలియని మంచి కబురు ఒకటుంది. ఎవరు ఏ సెక్షన్‌కు ఎన్ని పీరియడ్లు చెప్పాలో ముందే నిర్ణయమైపోయి, ఏ టీచరుకూ 48 మించకుండా, ఏ సెక్షన్‌కూ 48 మించకుండా ఉండి, ఇంకే షరతూ లేకపోతే క్లాష్ లేని టైమ్‌టేబుల్ తప్పకుండా ఉంటుంది. ఉండొచ్చు అని కాదు, ఉండి తీరుతుంది. హంగరీ గణితవేత్త దేనెష్ క్యోనిగ్ 1916లో నిరూపించిన ఒక సిద్ధాంతం నుంచి ఇది నేరుగా వస్తుంది. ఆయన బళ్ల గురించి ఆలోచించలేదు; చుక్కలనూ వాటిని కలిపే గీతలనూ రంగులతో విడదీయడం గురించి రాశారు. టీచర్లను ఒకవైపు చుక్కలుగా, సెక్షన్లను మరోవైపు చుక్కలుగా పెట్టి, ఒక్కో పాఠానికి ఒక్కో గీత గీసి, ఒక్కో పీరియడ్‌ను ఒక్కో రంగు అనుకుంటే అది మన టైమ్‌టేబులే. అలాంటి టైమ్‌టేబుల్‌ను వేగంగా కనిపెట్టే పద్ధతులు కూడా ఉన్నాయి.

మరి ఇంత కష్టం ఎక్కడి నుంచి వస్తోంది? ‘ఈ టీచరు ఈ సమయంలో కుదరదు’ అన్న మాట దగ్గర నుంచి. 1962లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన కెల్లీ గాట్లీబ్, మ్యూనిక్‌లో జరిగిన కంప్యూటర్ శాస్త్రజ్ఞుల మహాసభలో టీచర్లు, తరగతుల టైమ్‌టేబుల్‌ను కంప్యూటర్‌తో ఎలా వేయించవచ్చో వివరించారు. ఆ తర్వాత 1976లో షిమొన్ ఈవెన్, అలోన్ ఇటాయ్, ఆది షమీర్ అనే ముగ్గురు అసలు చిక్కును బయటపెట్టారు. టీచర్లకు కుదరని వేళలు చేరిన మరుక్షణం ఇది గణితంలో అతి కఠినమైన సమస్యల కోవలోకి వెళ్లిపోతుందని వాళ్లు నిరూపించారు. ఈ ఆది షమీర్ మరెవరో కాదు, ఇంటర్నెట్ లావాదేవీల రహస్యాలను కాపాడే ఆర్ఎస్ఏ పద్ధతిలో ‘ఎస్’ అక్షరం ఆయనదే. ఎంత పెద్ద బడికైనా, ఎన్ని షరతులున్నా ఖాయంగా, త్వరగా జవాబు తేల్చే సూత్రం ఈనాటికీ ఎవరికీ దొరకలేదు. అందుకే ప్రోగ్రామ్‌లు సూత్రాన్ని నమ్ముకోకుండా, అనుభవమున్న మాస్టారు చార్టు ముందు కూర్చుని చేసే పనినే చాలా వేగంగా చేస్తాయి.

ఆ పని ఎలా సాగుతుందో చూద్దాం. రుమేనియాకు చెందిన లివియు లలెస్కు రాసిన FET అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచితం, మామూలు కంప్యూటర్లో ఇంటర్నెట్ లేకుండా నడుస్తుంది. అది ముందుగా కార్డులను కష్టాన్ని బట్టి వరుసలో పెడుతుంది. ఎక్కువ చోట్ల ఇమడనివి ముందు, ఎక్కడైనా ఇమిడేవి చివర. మన బడిలో హిందీ కార్డులు ముందుకొస్తాయి, ఎందుకంటే ఆ టీచరుకు వారంలో మిగిలే ఖాళీలు ఎనిమిదే. రెండు పీరియడ్లు వరసగా కావలసిన ల్యాబ్ కార్డులు కూడా ముందే. ఆటలు, డ్రాయింగ్ లాంటివి చివరికి. చేత్తో టైమ్‌టేబుల్ వేసిన ప్రతి మాస్టారికీ తెలిసిన కిటుకే ఇది: ఇరుకు వాళ్లను ముందు కూర్చోబెట్టు.

తర్వాత ఒక్కో కార్డునూ ఖాళీ గడిలో పెట్టుకుంటూ పోతుంది. మొదటి మూడు నాలుగు వందలు గబగబా పడిపోతాయి. చివర్లో పెనుగులాట మొదలవుతుంది. 8బీలో ఒక్క హిందీ కార్డు మిగిలిందనుకోండి. 8బీలో ఖాళీగా ఉన్న గడి శుక్రవారం 7వ పీరియడ్ ఒక్కటే. ఆ సమయంలో హిందీ మేడమ్ 6ఏలో ఉన్నారు. ఆమె బుధవారం 3వ పీరియడ్ ఖాళీ, కానీ 8బీలో అప్పుడు లెక్కలు నడుస్తున్నాయి. ప్రోగ్రామ్ ఏం చేస్తుందంటే, ఆ లెక్కల కార్డును లేపేసి హిందీని అక్కడ కూర్చోబెడుతుంది. ఇప్పుడు లెక్కల కార్డుకు చోటు కావాలి. దాన్ని శుక్రవారం 7వ పీరియడ్‌కు పంపుదామంటే లెక్కల సారు అప్పుడు 9ఏలో ఉన్నారు. గురువారం 5వ పీరియడ్ ఆయన ఖాళీ, కానీ 8బీలో అది సోషల్ పీరియడ్. సోషల్‌ను లేపి లెక్కలను అక్కడ పెడుతుంది. ఆఖరికి సోషల్ కార్డు శుక్రవారం 7వ పీరియడ్‌కు వెళ్తుంది. సోషల్ మేడమ్ ఆ వేళ ఖాళీయే కాబట్టి కథ కంచికి చేరింది. మూడు కదలికల్లో ముడి వీడింది.

ప్రతిసారీ ఇంత సులువుగా వీడదు. ఒకదాన్ని లేపితే రెండు, రెండింటిని లేపితే నాలుగు లేస్తాయి. అందుకే ప్రోగ్రామ్ తక్కువ కార్డులను లేపే గడినే ఎంచుకుంటుంది, కొంత లోతు వరకూ వెళ్లి కుదరకపోతే వెనక్కి వచ్చి ఇంకో దారి చూస్తుంది. ఇప్పుడే లేపిన కార్డును మళ్లీ అదే గడిలో పెట్టి గిరగిరా తిరగకుండా, ఏది ఎక్కడి నుంచి లేచిందో గుర్తు పెట్టుకుంటుంది. మామూలు హైస్కూలుకు ఈ తతంగమంతా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. అరగంట దాటినా ఒకే కార్డు దగ్గర కొట్టుకుంటోందంటే, మన షరతుల్లోనే ఎక్కడో 40కి 38 లాంటి లెక్క దాగి ఉందని అనుమానించాలి. ఎన్ని కార్డులు పడ్డాయో, ఎక్కడ ఆగిందో ప్రోగ్రామే చూపిస్తుంది. ఆగిన కార్డు ఏ టీచరుదో, ఆ టీచరు మీద ఏయే షరతులున్నాయో ముందు చూడాలి.

అన్ని వైరుధ్యాలూ తీసివేతకు వెంటనే దొరకవు. ‘ఎవరికీ వరసగా మూడు పీరియడ్లకు మించి వద్దు’ అన్న షరతు ఎంత మెత్తగా వినిపిస్తుందో చూడండి. మధ్యాహ్న భోజనానికి ముందు 4, తర్వాత 4 పీరియడ్లున్న బడిలో ఇది పూటకు మూడే పాఠాలు అని చెప్పినట్టే. అంటే రోజుకు 6, వారానికి 36. హిందీ మేడమ్ 40 మళ్లీ ఇమడవు. అలాగే పదో తరగతి రెండు సెక్షన్లకూ రోజూ మొదటి పీరియడ్ లెక్కలే ఉండాలని, రెంటికీ ఒకే సారు చెప్పాలని అడిగితే, ఆయనకు వారానికి 12 మొదటి పీరియడ్లు కావాలి. ఉన్నవి ఆరే. ఒక సెక్షన్‌కు మొదటిది, ఇంకో సెక్షన్‌కు రెండోది అంటే హాయిగా కుదురుతుంది.

ఇందుకే షరతులను రెండు రకాలుగా విడదీయాలి. క్లాష్ వద్దన్నది నూటికి నూరు పాళ్లు పాటించాల్సినది. లెక్కలు పొద్దున్నే ఉంటే బాగుంటుందన్నది కోరిక. FETలో చాలా షరతులకు శాతం రూపంలో బరువు ఇవ్వవచ్చు. నూరు అంటే తప్పనిసరి, తక్కువ అంటే కుదిరితే. మాస్టార్లు మొదట్లో ఉత్సాహంగా అన్నిటికీ నూరు కొట్టేస్తారు, అక్కడే ప్రోగ్రామ్ గొంతు నొక్కేసినట్టవుతుంది. నా సలహా ఏమిటంటే, మొదటిసారి క్లాష్ షరతులు మాత్రమే పెట్టి నడిపించండి. టైమ్‌టేబుల్ వచ్చాక ఒక్కో కోరికా కలుపుతూ మళ్లీ నడిపించండి. ఏది కలిపినప్పుడు ఆగిపోయిందో చేతికి చిక్కుతుంది.

ఇప్పుడు పని భారం సంగతి. దీన్ని ప్రోగ్రామ్ చూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎవరికెన్ని పీరియడ్లన్నది కార్డులు తయారుచేసేటప్పుడే తేలిపోతుంది. ‘లెక్కల సారు, 9ఏ’ అని కార్డు మీద రాసింది మనమే. ప్రోగ్రామ్ ఆ పీరియడ్లను వారంలో చల్లుతుంది తప్ప తగ్గించదు. కాబట్టి న్యాయమైనా అన్యాయమైనా బటన్ నొక్కకముందే జరిగిపోతుంది. దీని మీద కూర్చోవలసినంత సేపు మన బళ్లలో ఎవరూ కూర్చోవడం లేదన్నది నా అభిప్రాయం.

మన బడిలో లెక్కలు, సైన్సు టీచర్ల పంపకం చేసి చూద్దాం. సెక్షన్‌కు వారానికి 8 లెక్కల పీరియడ్లు అనుకుంటే మొత్తం 80. లెక్కల టీచర్లు ముగ్గురు. 80ని ముగ్గురికి పంచితే తలా 26 చిల్లర వస్తుంది, కానీ పీరియడ్లను అలా పంచలేం. ఒక సెక్షన్‌కు లెక్కలు ఇద్దరు చెబితే పోర్షన్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు, మార్కులు తగ్గితే జవాబుదారీ ఉండదు. కాబట్టి సెక్షన్లకు సెక్షన్లే పంచాలి: 4, 3, 3. అంటే 32, 24, 24.

సైన్సు వైపు చూడండి. ఎనిమిది నుంచి పది దాకా ఆరు సెక్షన్లకు భౌతికశాస్త్రం 5, జీవశాస్త్రం 5 చొప్పున 30, 30. ఆరు, ఏడు తరగతుల నాలుగు సెక్షన్లకు జనరల్ సైన్సు 6 చొప్పున 24. సైన్సు టీచర్లు ఇద్దరే, పీఎస్ ఒకరు, బీఎస్ ఒకరు. చిన్న తరగతుల సైన్సు మొత్తం బీఎస్ మేడమ్‌కే ఇచ్చేస్తే ఆమెకు 54 అవుతాయి. వారంలో ఉన్నవే 48. ఇద్దరికీ చెరి సగం చేస్తే 42, 42. కుదురుతుంది, కానీ పక్కనే ఇద్దరు లెక్కల టీచర్లు 24 పీరియడ్లతో ఉంటే ఇది న్యాయమా?

ఆరో తరగతి సైన్సును ఆ ఇద్దరికీ చెరొక సెక్షన్ ఇచ్చి చూడండి. వాళ్లు 30, 30 అవుతారు. ఏడో తరగతి సెక్షన్లను పీఎస్, బీఎస్ టీచర్లు చెరొకటి తీసుకుంటే 36, 36. లెక్కల పెద్ద సారు 32. ఐదుగురికీ కలిపి 164 పీరియడ్లు, సగటు 33కు కొంచెం తక్కువ. 24 నుంచి 54 దాకా చెదిరిన పంపకం 30కీ 36కీ మధ్యకు వచ్చింది. ఈ సర్దుబాటు ఏ ప్రోగ్రామూ తనంతట తాను చేయదు. లెక్కల టీచరు ఆరో తరగతి సైన్సు చెప్పగలరా, వాళ్లు ఒప్పుకుంటారా అన్నది స్టాఫ్ మీటింగ్‌లో తేలాలి. శాఖ ఇచ్చే సబ్జెక్టువారీ పీరియడ్ల పట్టికను బట్టి ఈ అంకెలు ప్రతి బడిలోనూ మారతాయి. లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

పీరియడ్ల సంఖ్య సమానమైనంత మాత్రాన పని సమానం కాదు. పదో తరగతి పీరియడ్ వెనకాల స్లిప్ టెస్టులు, పేపర్లు దిద్దడం, స్పెషల్ క్లాసులు ఉంటాయి. హిందీ మేడమ్ 40ని ఎవరూ తగ్గించలేరు, ఆ సబ్జెక్టుకు రెండో మనిషి లేరు. అలాంటప్పుడు ఆమెకు క్లాస్ టీచర్ బాధ్యత ఇవ్వకూడదు. ఎవరైనా సెలవు పెట్టిన రోజు అడ్జస్ట్‌మెంట్ పీరియడ్ కూడా ఆమెకు వేయకూడదు. ఇక ప్రోగ్రామ్‌కు చెప్పాల్సింది ఒకటుంది: రోజుకు 7 మించొద్దు. నాలుగు రోజులు 7, రెండు రోజులు 6 అయితే 40 సరిపోతాయి. ఈ మాట చెప్పకపోతే ఒక రోజు 8కి 8 పడి, ఇంకో రోజు 4 పడొచ్చు. మొత్తం మారదు, కానీ ఆ ఎనిమిది పీరియడ్ల రోజున సాయంత్రానికి ఆమె గొంతు పెగలదు.

పిల్లల వైపు నుంచి కూడా ఒక తూకం ఉంది. వారానికి నాలుగు హిందీ పీరియడ్లు సోమ, మంగళవారాల్లోనే అయిపోతే మిగతా నాలుగు రోజులు ఆ భాష ఊసే ఉండదు. కాబట్టి నాలుగూ నాలుగు వేర్వేరు రోజుల్లో పడాలని చెప్పాలి. లెక్కలు 8 పీరియడ్లు, రోజులు ఆరే, కనుక రెండు రోజులు రెండేసి తప్పవు. మూడు మాత్రం పడకూడదు. FETలో ఈ తరహా షరతు మామూలుగా 95 శాతం బరువుతో వస్తుంది, అంటే మరీ ఇరుకైనప్పుడు ఎక్కడో ఒకచోట సడలించే వీలు ఉంచారు. టైమ్‌టేబుల్ వచ్చాక ఆ సడలింపులు ఏ సెక్షన్ మీద పడ్డాయో చూడటం మర్చిపోకూడదు. అన్నీ 7బీ మీదే పడితే ఏడాదంతా ఆ పిల్లలే నష్టపోతారు.

లీజర్ పీరియడ్ల గురించి ఒక వింత చెప్పాలి. ఏ పీరియడ్‌లో చూసినా పది సెక్షన్లకు పది మంది టీచర్లు క్లాసుల్లో ఉంటారు. 14 మందిలో నలుగురు ఖాళీ. టైమ్‌టేబుల్ ఎలా వేసినా ఈ నాలుగు మారదు. మారేదల్లా ఆ నలుగురు ఎవరన్నది. ముగ్గురు లెక్కల టీచర్లూ ఒకే సమయంలో ఖాళీగా ఉండి, ఇంకో సమయంలో ముగ్గురూ క్లాసుల్లో ఉంటే, లెక్కల సారు సెలవు పెట్టిన రోజు ఆ రెండో పీరియడ్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి దొరకరు. వీలైనంత వరకూ ప్రతి పీరియడ్‌లోనూ ఒక లెక్కల టీచరో సైన్సు టీచరో ఖాళీగా ఉండేలా చూసుకుంటే అడ్జస్ట్‌మెంట్ పీరియడ్ నిజంగా పాఠం అవుతుంది.

ప్రోగ్రామ్ చేయలేనిది ఇంకొకటుంది. ఆగస్టులో ఒక టీచరు బదిలీ అయితే ఆ ఒక్కరి కార్డులు మార్చి మళ్లీ నడిపిస్తే, కొత్త టైమ్‌టేబుల్ పాతదానికి ఏ పోలికా లేకుండా రావచ్చు. 14 మందికీ, పది సెక్షన్ల పిల్లలకూ మళ్లీ అలవాటు పడే తిప్పలు. దీనికి మందు ఉంది. మారనక్కర్లేని కార్డులను ఉన్న గళ్లలోనే తాళం వేసి, మిగతావాటిని మాత్రమే కదిలించమనవచ్చు. మరీ ఇరుకైతే ఇంకొన్ని తాళాలు తీయాల్సి వస్తుంది, అయినా మొత్తం తిరగరాయడం కంటే అదే నయం.

టైమ్‌టేబుల్ చేతికొచ్చాక సెక్షన్లవారీ కాగితం చూసి ఊరుకోకండి. అందులో అన్నీ నిండుగానే కనిపిస్తాయి. టీచర్లవారీ కాగితాలు కూడా తీయండి, FET రెండూ విడివిడిగా ఇస్తుంది. ఒక్కో టీచరుకు రోజుకెన్ని, వరసగా ఎన్ని, ఏ పూట ఊపిరి తీసుకునే వీలు లేదో అక్కడే తెలుస్తుంది.

హెడ్మాస్టర్లకూ టైమ్‌టేబుల్ ఇన్‌చార్జిలకూ ఒక విన్నపం. ఈసారి బటన్ నొక్కే ముందు ఒక్క కాగితం రాయండి: టీచరు పేరు, సెక్షన్లు, మొత్తం పీరియడ్లు, షరతులు పోగా మిగిలే గళ్లు. నాలుగే నిలువు వరుసలు. దాన్ని రెండు రోజులు స్టాఫ్‌రూమ్ గోడకు అంటించి, అందరూ చూశాక, అభ్యంతరాలు విన్నాక కంప్యూటర్ తెరవండి.